కుక్క ఏ సెకనులో ఏం నేర్చుకుంటుంది

"అది తప్పు చేసిందని దానికి తెలుసండీ, మొహం చూడండి ఎలా పెట్టిందో." కుక్కని పెంచుకునే ఏ ఇంటికి వెళ్ళినా ఈ మాట వినపడుతుంది. సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చేసరికి హాల్లో ఉచ్చ మడుగు కట్టి ఉంటుంది, కుక్కపిల్ల చెవులు వెనక్కి పెట్టి తోక కాళ్ళ మధ్య దోపుకుని సోఫా పక్కన నక్కి ఉంటుంది, తెలిసే చేసింది కాబట్టే దాక్కుంది అనుకుని దాన్ని లాక్కొచ్చి మూతి ఆ మడుగు దగ్గర పెట్టి పేపర్ చుట్టతో రెండు తగిలిస్తారు. మర్నాడు మళ్ళీ అదే మడుగు, ఈసారి మంచం కింద. "ఎంత కొట్టినా బుద్ధి రావట్లేదు" అంటారు.

ఆ మొహం సంగతి ముందు చూద్దాం. 2009లో న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే సైంటిస్ట్ 14 పెంపుడు కుక్కలతో ఒక ప్రయోగం చేసింది. ఓనర్ కుక్క ముందు ఒక బిస్కెట్ పెట్టి తినొద్దని చెప్పి బయటికి వెళ్ళిపోతారు, వాళ్ళు లేనప్పుడు ప్రయోగం చేసేవాళ్ళు ఒక్కోసారి కుక్కకి ఆ బిస్కెట్ ఇచ్చేసేవాళ్ళు, ఒక్కోసారి తీసేసేవాళ్ళు, ఓనర్ తిరిగొచ్చాక మాత్రం కుక్క తిన్నదో లేదో ఆ ఓనర్‌కి ఒక్కోసారి నిజం, ఒక్కోసారి అబద్ధం చెప్పేవాళ్ళు. అంటే తిననే తినని కుక్క కూడా తిట్లు తినేది. ఆ "తప్పు చేసిన మొహం" ఎప్పుడు వచ్చిందో లెక్క తీస్తే, తిన్నదా లేదా అన్నదానితో దానికి సంబంధమే లేదు, ఓనర్ తిట్టారా లేదా అన్నదానితోనే సంబంధం. తినకుండా బుద్ధిగా ఉండి తిట్లు తిన్న కుక్కల్లోనే ఆ మొహం ఎక్కువ కనపడింది కూడా. మనకి పశ్చాత్తాపంలా కనిపించేది "నువ్వు కోపంగా ఉన్నావు, నన్నేం చెయ్యకు" అని కుక్క తన ఒంటితో చెప్పే మాట.

సరే, మరి కుక్కకి ఏది దేనికి ముడిపడుతుంది? ఒక పని చెయ్యగానే నచ్చింది దొరికితే ఆ పని మళ్ళీ చేస్తుంది, నచ్చనిది జరిగితే ఆ పని తగ్గుతుంది, ఇది థార్న్‌డైక్ అనే ఆయన 1898లోనే పిల్లుల్ని చెక్క పెట్టెల్లో పెట్టి చూపించాడు. మొదటి సగాన్నే పాజిటివ్ రీఇన్ఫోర్స్‌మెంట్ అంటున్నాం ఇప్పుడు, అంటే చేసిన పనికి వెంటనే ఏదో ఒకటి ఇచ్చి ఆ పనిని పెంచడం. ఇక్కడ అసలు బరువంతా "వెంటనే" మీద ఉంది, కానీ జనం దాన్నే పట్టించుకోరు. పావుగంట తర్వాత ఇచ్చిన చికెన్ ముక్క కుక్కకి ఇష్టమే, కాకపోతే అది పావుగంట కింద చేసిన పనికి అతుక్కోదు, నోట్లో పడే ముందు సెకనులో ఏం చేస్తోందో దానికి అతుక్కుంటుంది.

శిక్షకీ ఇదే రూలు. రిచర్డ్ సోలమన్ అనే సైకాలజిస్ట్, ఆయన సహచరులు 1968లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది, ఇప్పుడైతే అలాంటివి చెయ్యనివ్వరు, చదివితే బాధేస్తుంది కానీ అది చూపించింది మాత్రం ప్రతి కుక్క ఓనర్‌కీ తెలియాలి. కుక్కపిల్లల ముందు గుర్రం మాంసం ఒక గిన్నెలో, మామూలు పొడి తిండి ఇంకో గిన్నెలో పెట్టి, మాంసం ముట్టుకుంటే పేపర్ చుట్టతో మూతి మీద కొట్టేవాళ్ళు. ఒక గుంపుని ముట్టుకున్న క్షణంలోనే, ఒక గుంపుని 5 సెకన్లు ఆగి, ఇంకో గుంపుని 15 సెకన్లు తిననిచ్చి అప్పుడు. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు అన్ని గుంపులూ మాంసం మానేశాయి. తర్వాత ఆకలితో ఉన్నప్పుడు గదిలో ఒంటరిగా వదిలితే, వెంటనే దెబ్బ తిన్నవి రోజుల తరబడి మాంసం ముట్టలేదు, 15 సెకన్ల గుంపు మాత్రం నిమిషాల్లోనే తినేసింది. ఇక్కడే ఇంకో సంగతి ఉంది, వెంటనే దెబ్బ తిన్న గుంపులో భయం మాంసం దగ్గరికి వెళ్ళేటప్పుడే కనపడింది, ఆలస్యంగా తిన్న గుంపులో తినేశాక కనపడింది. అంటే ఆ భయం తినడాన్ని ఆపలేదు, తినేశాక కుక్కని వణికించింది అంతే.

15 సెకన్లకే అలా ఉంటే, మధ్యాహ్నం పోసిన ఉచ్చకి సాయంత్రం ఆరింటికి కొడితే ఆ దెబ్బ దేనికి అతుక్కుంటుందో ఆలోచించండి. తలుపు తాళం తీసిన చప్పుడుకి, మీ అడుగులకి, నేల మీద మడుగూ మీరూ ఒకేసారి ఒకే గదిలో ఉండటానికి. అందుకే మీరు రాగానే నక్కుతుంది.

ఇప్పుడు ఇదే కేసు వివరంగా చూద్దాం, ఎందుకంటే ఉచ్చ ట్రైనింగ్‌లో రివార్డు, టైమింగ్, శిక్ష మూడూ ఒకేచోట దొరుకుతాయి. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, మూడు నెలల కుక్కపిల్ల, లాబ్రడార్ అనుకోండి లేదా వీధిలోంచి తెచ్చుకున్న ఇండీ అనుకోండి, తేడా ఏం లేదు.

ముందు దాని ఒళ్ళు ఎంత ఆపుకోగలదో తెలియాలి. నెలల వయసుకి ఒకటి కలిపితే అన్ని గంటలు అని ఒక మోటు లెక్క ఉంది, మూడు నెలల దానికి నాలుగు గంటలు, కానీ అది పడుకుని కదలకుండా ఉన్నప్పటి గరిష్ఠం. మెలకువగా ఉండి ఆడుతుంటే అరగంట, ముప్పావుగంటకే వస్తుంది. నిద్ర లేవగానే, తిన్న పావుగంట ఇరవై నిమిషాల్లో, ఆట మధ్యలో ఉన్నట్టుండి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగితే, ఈ మూడు టైముల్లో దాదాపు ఖాయం. కాబట్టి పిల్లని ఇల్లంతా వదిలెయ్యకుండా మీ కళ్ళ ముందు ఒక గదిలోనో బేబీ గేట్ పెట్టిన మూలలోనో ఉంచి, ఈ టైములకి మీరే తీసుకెళ్ళాలి. దాని అంతట అది వచ్చి అడుగుతుందని మొదటి వారాల్లో ఎదురుచూడకూడదు. వ్యాక్సిన్లు పూర్తికాకపోతే వీధి కుక్కలు తిరిగే చోట దింపితే పార్వో అనే ప్రాణాంతక వైరస్ భయం ఉంటుంది, డాక్టర్ ఓకే అనేదాకా బాల్కనీలో గడ్డి మ్యాట్ కానీ పాత పేపర్లు కానీ వాడుకోవచ్చు, పద్ధతి మాత్రం అదే.

కింద ఒకే చోటికి తీసుకెళ్ళి, లీష్ పట్టుకుని, మాట్లాడకుండా నిలబడాలి. ఆడించొద్దు, ఫోన్ చూడొద్దు, ఎందుకంటే ఫోన్ చూస్తుంటే ఆ సెకను పోతుంది. పోస్తున్నప్పుడు మెల్లగా ఒక మాట అనొచ్చు, "పోసెయ్" అనో ఇంకేదో, తర్వాత్తర్వాత ఆ మాట పనికొస్తుంది. పోయడం అయిపోతున్న క్షణంలో "ఎస్" అని, ఒకటి రెండు సెకన్లలో అక్కడే నోటికి ముక్క అందించాలి. శనగ గింజంత ఉప్పు వెయ్యని ఉడికించిన చికెన్ చాలు, పనీర్ అయినా పర్లేదు.

ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు, ముక్కలు ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టి కిందికి వెళ్ళడం. పిల్ల కింద చక్కగా పోస్తుంది, లిఫ్ట్ ఎక్కుతారు, తలుపు తీస్తారు, వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీసి "గుడ్ బాయ్" అని పెడతారు. మీ లెక్కలో అది ఉచ్చకి బహుమానం. కుక్క లెక్కలో ఇంట్లోకి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర కూర్చోవడానికి బహుమానం. వారం రోజులకి అది కింద త్వరగా పొయ్యడం కాదు, పైకి త్వరగా లాక్కెళ్ళడం నేర్చుకుంటుంది. ఇంకోటి, పోసిన వెంటనే పైకి తెచ్చేస్తే పోస్తే షికారు అయిపోతుందని అర్థం చేసుకుని ఆపుకోవడం మొదలుపెడుతుంది, అందుకే పోశాక ఒక ఐదు నిమిషాలు తిప్పాలి. ఆ తిప్పడం కూడా రివార్డే.

ఆ "ఎస్" ఎందుకు అంటే, మీ చెయ్యి జేబులోకి వెళ్ళి ముక్క తీసి కుక్క నోటికి చేరేలోపు రెండు మూడు సెకన్లు పోతాయి, ఈలోగా కుక్క తల తిప్పి కాకిని చూస్తుంది, ముక్క కాకిని చూసినందుకు అయిపోతుంది. ఈ సందుని పూడ్చడానికే మార్కర్ అనే పద్ధతి. ముందుగా ఇంట్లో ఏ పనీ అడగకుండా "ఎస్" అనడం, వెంటనే ముక్క ఇవ్వడం, ఇలా పది పదిహేను సార్లు చేస్తే ఆ శబ్దం వినగానే కుక్క మీ వైపు తల తిప్పి చూస్తుంది, అప్పుడు అది పనికొచ్చేలా తయారైనట్టు. ఇది పావ్లోవ్ అనే సైంటిస్ట్ చూపించిన నేర్చుకోవడమే, శబ్దం తిండికి గుర్తు అవుతుంది. శబ్దం ముందు, చెయ్యి కదలడం తర్వాత. రెండూ ఒకేసారి చేస్తే కుక్క చేతినే చూస్తుంది, మాట వినదు. 1951లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే సైకాలజిస్ట్ ఒక మ్యాగజైన్‌కి రాసిన వ్యాసంలో పిల్లలు ఆడుకునే టిక్కుటిక్కుమనే బొమ్మతో కుక్కకి నేర్పడం వివరించాడు, ఇవాళ షాపుల్లో అమ్మే క్లిక్కర్‌కి మూలం అదే. క్లిక్కర్ ఉంటే మంచిదే, ఎప్పుడూ ఒకేలా మోగుతుంది, లేకపోతే పొట్టి మాట చాలు, కాకపోతే రోజూ వేరే మాటలకి వాడే పదం అయితే పనిచెయ్యదు.

ఇంట్లో పోస్తూ కనపడితే? అరవకుండా, చటుక్కున ఎత్తుకుని కిందికి తీసుకెళ్ళాలి, అక్కడ మిగతాది పోస్తే ముక్క ఇవ్వాలి. పోసేశాక కనపడితే ఏమీ చెయ్యడానికి లేదు, తుడుచుకోవడమే. తుడవడంలో కూడా ఒక మెలిక ఉంది, మామూలు ఫినాయిల్ మన ముక్కుకి వాసన కప్పేస్తుంది కానీ కుక్క ముక్కుకి ఆ చోటు ఇంకా బాత్రూమే, అందుకే పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడాలి, అమ్మోనియా ఉన్నవి అసలు వద్దు, ఆ వాసన ఉచ్చకి దగ్గరగా ఉంటుంది.

మరి ఎదురుగా పోస్తుండగానే, కరెక్ట్ టైమింగ్‌తో కొడితే? సోలమన్ ప్రయోగంలో వెంటనే కొట్టిన గుంపు మాంసం మానేసింది కదా, అని అడిగేవాళ్ళుంటారు, న్యాయమైన ప్రశ్నే. కరెక్ట్ సెకనులో పడిన దెబ్బ పనిని ఆపుతుంది, దాన్ని కాదనను. కానీ కుక్క ఆ సెకనులో ఒక్కటే నేర్చుకోదు, రెండు రకాల నేర్చుకోవడం పక్కపక్కన నడుస్తుంటాయి. ఏ పని చేస్తే ఏం వస్తుందన్నది ఒకటి. ఏది కనపడితే ఏం జరగబోతుందన్నది రెండోది, అదే పావ్లోవ్‌ది, దాన్ని మనం ఆఫ్ చెయ్యలేం. కుక్కపిల్ల ఉచ్చ పోస్తుండగా దెబ్బ పడితే "కార్పెట్ మీద పొయ్యకూడదు" అని రాదు, కార్పెట్‌కీ మట్టికీ తేడా ఏంటో దానికి ఎవరు చెప్పారు? "ఈ మనిషి చూస్తుండగా పోస్తే దెబ్బ" అని వస్తుంది. దాని ప్రకారం చూస్తే మనిషి లేనిచోట పొయ్యడం దానికి తెలివైన పని.

అందుకే కొట్టిన ఇళ్ళల్లో ఒక విచిత్రం కనపడుతుంది. పిల్లని కిందికి తీసుకెళ్ళి లీష్‌తో అరగంట తిప్పినా చుక్క పొయ్యదు, పైకి తెచ్చి లీష్ విప్పగానే లోపలి గదిలోకి వెళ్ళి మంచం వెనక పోసేస్తుంది. ఓనర్లు దీన్ని పొగరు అంటారు, కావాలని పగ తీర్చుకుంటోంది అంటారు. పాపం అది నేర్పింది నేర్పినట్టే చేస్తోంది, లీష్ చివర మీరున్నారు, మంచం వెనక మీరు లేరు. పైగా ఇప్పుడు మీరు చూసేలా పొయ్యదు కాబట్టి రివార్డు ఇచ్చే అవకాశం కూడా పోయింది, దెబ్బ ఒక పద్ధతి కింద విఫలమవ్వడమే కాకుండా రెండో పద్ధతి దారి కూడా మూసేసింది. దీన్ని బాగుచెయ్యాలంటే పొడుగు లీష్, నాలుగైదు మీటర్లది, తీసుకుని దూరంగా నిలబడి, దాని వైపు నేరుగా చూడకుండా, పోశాక "ఎస్" అని ముక్కని నేల మీద దాని దగ్గరికి విసిరి, రోజులు గడిచేకొద్దీ దగ్గరికి రావాలి. అవుతుంది, కానీ కొట్టకుండా మొదలుపెట్టిన దానికంటే చాలా ఎక్కువ టైమ్ పడుతుంది.

ఉచ్చ అయితే కార్పెట్ పాడవ్వడంతో పోతుంది. గుర్రుమనడాన్ని శిక్షించినప్పుడు వచ్చే నష్టం వేరే స్థాయిది, దాని గురించి చెప్పకుండా ఉండలేను. కుక్క అన్నం తింటోంది, ఇంట్లో చిన్న పిల్లాడు దగ్గరికొచ్చాడు, కుక్క గుర్రుమంది. తండ్రి వచ్చి ఒక్కటిచ్చాడు. మళ్ళీ గుర్రుమంటే మళ్ళీ ఇచ్చాడు. కొన్నాళ్ళకి గుర్రు ఆగిపోయింది, అందరూ కుదిరిందనుకున్నారు. లోపల ఏం జరిగిందంటే, పిల్లాడు దగ్గరికొస్తే తిండి పోతుందేమో అన్న బెంగ అలాగే ఉంది, దానికి తోడు పిల్లాడు వస్తే దెబ్బ కూడా పడుతుందన్నది కలిసింది, అంటే పిల్లాడంటే భయం రెట్టింపయింది. పోయింది గుర్రు ఒక్కటే, అది హెచ్చరిక, "ఇంకా దగ్గరికి రావద్దు" అని చెప్పే మర్యాద. ఇక మిగిలింది కరవడమే, అప్పుడు అందరూ "ఏ సూచనా లేకుండా కరిచేసింది" అంటారు. సూచన ఇచ్చేది, దాన్ని కొట్టి మాన్పించారు.

ఇక్కడ చెయ్యాల్సింది ముందు పిల్లాడిని, గిన్నెని వేరు చెయ్యడం, తలుపు వేసి తిననివ్వడం. ఆ తర్వాత పెద్దవాళ్ళు మాత్రమే, కుక్క ఒళ్ళు బిగుసుకోనంత దూరంలో నడుస్తూ, గిన్నెలో తిండి కంటే మంచి ముక్క ఒకటి విసిరి వెళ్ళిపోవడం. మనిషి వస్తే తిండి పోదు, ఇంకా వస్తుంది అని కుక్కకి ముడిపడేదాకా. తినడం ఆపి గడ్డకట్టినట్టు నిలబడినా, కంటి తెల్లగుడ్డు పక్కకి కనపడినా, గబగబా మింగేస్తున్నా దూరం ఎక్కువ చెయ్యాలి. కరిచే దశకి వచ్చేస్తే సొంతంగా ప్రయత్నించకుండా కుక్కల ప్రవర్తన తెలిసిన వెట్ దగ్గరికి వెళ్ళాలి.

ఇది ఊహ కాదు. 2009లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వెట్స్, ప్రవర్తన సమస్యలతో వచ్చిన 140 కుక్కల ఓనర్లని ఏయే పద్ధతులు వాడారు, అప్పుడు కుక్క ఏం చేసిందని అడిగారు. కొట్టడం, తన్నడం చేసినవాళ్ళలో 43 శాతం మంది కుక్క తిరగబడిందని చెప్పారు. కుక్కని వెల్లకిలా పడేసి అదిమిపెట్టే "ఆల్ఫా" పద్ధతి వాడినవాళ్ళలో 31 శాతం. ఇవి ముందే ఏదో సమస్య ఉన్న కుక్కలు, అన్ని కుక్కలకీ ఇదే శాతం అనకూడదు, కానీ సమస్య ఉన్న కుక్కల మీదే కదా జనం ఈ పద్ధతులు వాడేది. 2020లో పోర్చుగల్‌లో 92 కుక్కల మీద ఇంకో స్టడీ వచ్చింది, శిక్షలు వాడే ట్రైనింగ్ స్కూళ్ళ కుక్కల్లో క్లాసు టైములో నాలుక చప్పరించడం, ఆవలించడం, ఒళ్ళు వంచి ముడుచుకోవడం ఎక్కువ, ట్రైనింగ్ తర్వాత లాలాజలంలో కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ కూడా పెరిగింది.

ఇంత తెలిసీ మంచి మనుషులు కూడా ఎందుకు కొడుతూనే ఉంటారు? దీనికి జవాబు కూడా రీఇన్ఫోర్స్‌మెంట్‌లోనే ఉంది. కుక్క మొరుగుతోంది, అరిచి ఒక్కటి వేశారు, టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దం మీకు రివార్డు, అది కూడా సెకను లోపే అందింది, టైమింగ్ పర్ఫెక్ట్. కుక్క ఇంకో పది నిమిషాలకి మళ్ళీ మొరిగినా సరే, మీ చెయ్యి లేవడం మాత్రం బలంగా నేర్పబడిపోయింది. చికెన్ ముక్క పద్ధతిలో ఫలితం రెండు మూడు వారాలకి కనపడుతుంది, అంత ఆలస్యంగా వచ్చే ఫలితం మన అలవాటుని కూడా పెంచదు. అందుకే ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి రోజుకి ఇంట్లో ఎన్నిసార్లు పోసింది, కింద ఎన్నిసార్లు పోసింది అని గీతలు పెట్టమంటాను. వారం తర్వాత ఇంటి గీతలు తగ్గకపోతే కుక్కని అనుమానించే ముందు టైములు చూసుకోండి, ఎక్కువసార్లు జరిగేది నిద్ర లేచిన తర్వాతా, ఆట మధ్యలోనా, ఇంట్లో ఒక్కటే ఉన్నప్పుడా అని.

ముక్కలు జీవితాంతం ఇవ్వాలా అని కూడా అడుగుతారు. మొదట ప్రతిసారీ ఇవ్వాలి, ఒక్కటి కూడా వదలకుండా. రెండు మూడు వారాలు ఇంట్లో ఒక్క తప్పు కూడా లేకుండా గడిచాక అప్పుడొకసారి ఇప్పుడొకసారి ఇస్తూ, మిగతాసార్లు తిప్పడం, ఆడించడం, మెచ్చుకోవడం సరిపోతుంది. అప్పుడప్పుడూ దొరికే రివార్డు అలవాటుని ఇంకా గట్టిపరుస్తుంది, దీనికి సాక్ష్యం చాలా ఇళ్ళల్లో భోజనాల దగ్గరే ఉంది, అందరూ పెట్టొద్దన్నా నానమ్మ ఎప్పుడో ఒకసారి ఇడ్లీ ముక్క జారవిడుస్తుంది, ఆ ఒక్క ముక్క కోసం కుక్క ఏడాదంతా ఆవిడ కుర్చీ దగ్గరే కూర్చుంటుంది.

ఒక రకం ఉచ్చ మాత్రం ఈ లెక్కలోకి రాదు. మీరు ఇంటికొచ్చి వంగి పలకరించగానే, లేదా గొంతు పెంచగానే, కుక్క ఒదిగిపోయి చెవులు వెనక్కి పెట్టి అక్కడికక్కడే కాస్త పోసేస్తుంది. అది టాయిలెట్ కాదు, భయంతోనో మరీ ఉద్వేగంతోనో వచ్చేది, కుక్కపిల్లల్లోనూ గతంలో దెబ్బలు తిన్న కుక్కల్లోనూ ఎక్కువ. దానికి తిడితే ఇంకా పోస్తుంది, తుడుస్తూ గొణిగినా పోస్తుంది. ఇంట్లోకి వచ్చాక ఒక ఐదు నిమిషాలు దాన్ని పట్టించుకోకుండా మీ పని చూసుకుని, తర్వాత పక్కకి తిరిగి కింద కూర్చుని, అదే దగ్గరికొస్తే తల మీద కాకుండా గడ్డం కింద నిమరండి. బాగా అలవాటైన పెద్ద కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పొయ్యడం మొదలుపెడితే మాత్రం ట్రైనింగ్ గురించి ఆలోచించే ముందు వెట్‌కి చూపించి యూరిన్ టెస్ట్ చేయించండి, ఇన్ఫెక్షనో షుగరో కిడ్నీ సమస్యో ఉంటే అది ఆపుకోలేక పోస్తోంది.